ఈ లైబ్రరీలో మొదటి అల్మరా పోడు కాగితాలది

(మన గూడెం గ్రంథాలయం ప్రారంభంలో మాట్లాడిన మాటలు)



లైబ్రరీ అంటే గ్రూప్స్ పుస్తకాలు, పేపర్లు అనుకుంటాం. అవీ ఉన్నాయి. కానీ తలుపు తీయగానే కనిపించే అల్మరాలో పోడు దరఖాస్తుల నకళ్లు పెట్టాం. ఎందుకో చెప్తాను.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీకి, 4 హెక్టార్లకు మించకుండా, ఆ భూమి మీద హక్కు ఉందని చెప్పింది. మరి మన దరఖాస్తులు ఎందుకు పోతున్నాయి? "ఆధారాలు లేవు" అంటారు. ఏ ఆధారం లేదని అడిగితే నోరు విప్పరు. చాలాసార్లు ఆ మాట కూడా నోటితోనే చెప్పి పంపేస్తారు, కాగితం ఇవ్వరు.

ఇది పొరపాటు కాదు, ఎత్తుగడ. ఎందుకంటే తిరస్కరిస్తే కారణాలు రాతలో పెట్టాలి, ఆ నిర్ణయం దరఖాస్తుదారుకు నేరుగా అందాలి. అందాక 60 రోజుల్లో పైకమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. కాగితమే చేతికి రాకపోతే 60 రోజులు ఎక్కడి నుంచి లెక్కపెడతాం? దేని మీద అప్పీలు చేస్తాం?

ఇంకో అబద్ధం ఉపగ్రహ చిత్రం. "ఫోటోలో అడవే కనిపిస్తోంది, సాగు లేదు" అంటారు. చెట్ల మధ్య కొర్ర, సామ వేసుకున్న చిన్న చెలక ఆ ఫోటోలో తేలదు. 2012లో సవరించిన నిబంధనలే చెప్తున్నాయి: ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటి స్థానంలో రాదు. ఫలానా కాగితమే తేవాలని కమిటీ పట్టుబట్టకూడదు కూడా.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండెకరాల పోడు ఉన్న ఒక అవ్వ దరఖాస్తు వెనక్కి వచ్చిందనుకోండి. ఆమె ఇక్కడికి రావాలి. మొదట కాగితం అందిన తేదీని రిజిస్టర్‌లో రాస్తాం. తర్వాత ఆధారాలు వెతుకుతాం. పాత రేషన్ కార్డు ఒకటి. పొలంలో ఆమె వేసిన రాతికట్ట, బావి రెండోది. దరఖాస్తుతో సంబంధం లేని ఊరి పెద్ద చెప్పిన మాటను రాసుకుంటే మూడోది. ఒకటికి మించి ఆధారాలు కావాలని నిబంధన, మన దగ్గర మూడు ఉన్నాయి. వాటితో 60 రోజుల్లోపు అప్పీలు వేస్తాం, నకలు అల్మరాలో ఉంటుంది.

తమ్ముళ్లారా, ఒక మాట. ఊరి పెద్దలు ముసలోళ్లవుతున్నారు. ఏ పోడు ఎవరు కొట్టారో, ఏ వాగు ఎవరి హద్దో వాళ్లకే తెలుసు. వాళ్లు పోతే ఆ సాక్ష్యం పోతుంది. ఈ నెలలోనే ఇంటింటికీ వెళ్లి రాసుకుని, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోండి.

ఈ అల్మరాతో పట్టా దానంతటదే రాదు. కానీ రేపు ఎవడైనా "ఆధారం లేదు" అంటే, ముందు మన రిజిస్టర్ తెరిచి మాట్లాడాల్సి ఉంటుంది.

జల్, జంగల్, జమీన్ మనదే!