కట్టు కట్టిన చేయి, కనికరం కోరే లేఖ

పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో రాసే చేయి విరిగిన విద్యార్థి, తాను చెప్పింది చెప్పినట్టు జవాబుపత్రంలో రాసిపెట్టే సహాయకుణ్ణి, అంటే స్క్రైబ్‌ను, దానితోపాటు కొంత అదనపు సమయాన్ని కోరుతూ పెట్టుకొనే దరఖాస్తును ఒక దయాభిక్షగా చూడటం మన విద్యాసంస్థల్లో స్థిరపడిపోయిన అలవాటు. ఎముక ఆరు వారాల్లో అతుక్కుంటుంది కాబట్టి అది వైకల్యం కాదని, కాకపోతే సప్లిమెంటరీ ఉండనే ఉందని, స్క్రైబ్ అంటేనే కాపీకి దొడ్డిదారి అని, అదనపు సమయమైతే తోటి విద్యార్థులకు జరిగే అన్యాయమని ఈ దృక్పథం వాదిస్తుంది. వీటిలో రెండు వాదాలకు కొంత ఆధారం ఉన్నమాట నిజమే. అయితే మొత్తం దృక్పథం నిలబడినది మాత్రం గాయం ఎన్నాళ్లుంటుందనే ప్రశ్నను, పరీక్ష జరిగే ఆ మూడు గంటల్లో చేయి పనిచేస్తుందా అనే ప్రశ్నను ఒకటిగా కలిపేసిన పొరపాటు మీద.

ఈ పొరపాటుకు చట్టంలోనే ఒక మూలం కనిపిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయాన్ని, స్క్రైబ్ సదుపాయాన్ని పేర్కొంటుంది. కానీ అదే చట్టం వికలాంగ వ్యక్తిని నిర్వచించేటప్పుడు లోపం దీర్ఘకాలికమై ఉండాలని షరతు పెడుతుంది కనుక, ఆరు వారాల్లో మానే ఎముక ఆ నిర్వచనంలోకి రాదు. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే సమస్య ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి విషయంలో, నలభై శాతం వైకల్యం ఉంటేనే స్క్రైబ్ అన్న అడ్డుగీతను తొలగించింది. అయితే ఆ తీర్పు కూడా వికలాంగుల గురించినదే తప్ప తాత్కాలికంగా గాయపడినవారి గురించినది కాదు. చేయి విరిగిన విద్యార్థికి ఆ తీర్పే హక్కు కల్పించిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆ తీర్పు నుండి నేర్చుకోవలసింది దాని తర్కాన్ని: చూడవలసినది శాతాన్ని కాదు, ఆ వ్యక్తి ఆ పని చేయగలడా లేదా అన్నదాన్ని. చట్టం మౌనంగా ఉన్నచోట పరీక్షా బోర్డులు తమ నియమాలతో ఆ ఖాళీని పూరించవచ్చు. ప్రమాదంలో గాయపడి రాయలేని స్థితిలో ఉన్న విద్యార్థికి వైద్య ధ్రువపత్రం ఆధారంగా స్క్రైబ్‌ను అనుమతించడం కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి, అంటే సీబీఎస్ఈ, నిబంధనల్లో ఉంది. బ్రిటన్‌లోని పరీక్షా సంస్థలు తాత్కాలిక గాయాన్ని ప్రత్యేకంగా పేరు పెట్టే గుర్తిస్తాయి. కనుక చట్టంలో లేదు కాబట్టి దయతో ఇవ్వవలసిందే తప్ప అడిగే వీలు లేదనే మాట సగం నిజం మాత్రమే.

ఇక ఒక ఊహా ఉదాహరణను దగ్గరగా పరిశీలించవచ్చు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగే వరకు వరంగల్ జిల్లాలో ఉండి, ఆ తరువాత మహబూబాబాద్ జిల్లాలో చేరిన కేసముద్రంలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదివే విద్యార్థి ఒకడు, పరీక్షలకు పన్నెండు రోజుల ముందు, మార్కెట్‌కు మిరప బస్తాలు వచ్చే రద్దీలో బైకు మీద నుంచి జారి, కుడి అరచేయి నేలకు ఆనించి పడ్డాడని అనుకుందాం. ఇలా పడినప్పుడు విరిగేది సాధారణంగా ముంజేతి ఎముక మణికట్టు దగ్గరి కొస. లేదా బొటనవేలి మొదట్లో, మణికట్టులోపల, జీడిపప్పు ఆకారంలో ఉండే స్కేఫాయిడ్ అనే చిన్న ఎముక. మొదటిదానికి వేసే సిమెంటు కట్టు వేళ్లను వదిలేస్తుంది. రెండోదానికి చాలాసార్లు బొటనవేలిని కూడా కలిపి కట్టేస్తారు. కలాన్ని పట్టేది బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిసి. ఆ పట్టును కాగితం మీద నడిపించేది మణికట్టు. మణికట్టు బిగిసిపోయిన చేతిలో వేళ్లు ఆడుతున్నంత మాత్రాన మూడు గంటలు రాయగలడని అనుకోవడం, చక్రాలు తిరుగుతున్నాయి కదా అని ఇరుసు విరిగిన బండిని మార్కెట్‌కు తోలమనడం లాంటిదే.

స్కేఫాయిడ్‌తో మరో చిక్కు ఉంది. మొదటిరోజు తీసిన ఎక్స్‌రేలో ఈ ఎముక పగులు కనిపించకపోవచ్చు. బొటనవేలి మొదట్లోని గుంటలో నొక్కితే నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు వైద్యుడు అనుమానంతోనే కట్టు వేసి, పది నుంచి పద్నాలుగు రోజుల తరువాత మళ్లీ ఎక్స్‌రే తీయిస్తాడు. ఈ విద్యార్థికి రెండో ఎక్స్‌రే వచ్చేసరికి పరీక్షలు మొదలవుతాయి. మొదటి రిపోర్టులో పగులు లేదని ఉంటే, దాన్ని మాత్రమే చూసిన కార్యాలయం దరఖాస్తును అబద్ధంగా భావించడం సులువు. ఇంకా ముందే దారి తప్పే అవకాశం కూడా ఉంది. చేయి విరిగితే పుత్తూరు కట్టు వంటి నాటు కట్టు వేయించుకోవడం తెలుగునాట ఇప్పటికీ చాలా ఇళ్లలో మామూలే; ఆ కట్టు వల్ల ఎముక అతుక్కోవచ్చు, అతుక్కోకపోవచ్చు, కానీ దాని వెంట ఎక్స్‌రే గానీ ప్రభుత్వ వైద్యుడి సంతకం గానీ రాదు. దరఖాస్తు చేయదలచిన కుటుంబం ఈ విషయం తెలియక వారం పోగొట్టుకుంటే, మహబూబాబాద్‌లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, అక్కడి నుంచి జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి కార్యాలయానికి పత్రాలు చేర్చేలోగా హాల్‌టికెట్‌పై మొదటి తేదీ దాటిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ దరఖాస్తులను దెబ్బతీసేది, ఆశ్చర్యమే అయినా, వైద్య ధ్రువపత్రంలోని ఒక్క మాట: విశ్రాంతి. సెలవు కోసం రాసే అలవాటులో వైద్యుడు ఆరు వారాల విశ్రాంతి అవసరమని రాసి సంతకం పెడతాడు. అది హాజరు కాలేకపోవడానికి ఇచ్చే పత్రమే గాని, హాజరై కూడా రాయలేకపోవడానికి ఇచ్చేది కాదు. దాన్ని చదివిన అధికారి, విశ్రాంతి కావాలంటే విశ్రాంతే తీసుకొని సప్లిమెంటరీ రాసుకోమని అంటే, ఆయన ముందున్న కాగితం ప్రకారం ఆ జవాబులో తప్పు వెతకడం కష్టం. నలభై శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవారి కోసం 2018 ఆగస్టు 29న కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన మార్గదర్శకాల్లో వైద్యాధికారి ఇవ్వవలసిన నమూనా పత్రం ఒకటి ఉంది. అది జబ్బు పేరుతో ఆగదు, ఆ లోపం వల్ల అభ్యర్థికి రాయడంలో పరిమితి ఏర్పడుతోందని ధ్రువీకరిస్తుంది. ఆ మార్గదర్శకాలు విరిగిన చేతికి వర్తించకపోయినా, ఆ వాక్య నిర్మాణాన్ని అరువు తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

లేఖ కూడా ఇదే దారిలో నడవాలి. మన దరఖాస్తుల్లో సగం స్థలం దయచేసి, కనికరించి, నా భవిష్యత్తు మీ చేతుల్లో ఉంది వంటి మాటలతో నిండిపోతుంది. నిర్ణయం తీసుకొనేవాడికి కావలసిన సంగతులు ఆ మాటల కింద పడి కనిపించకుండా పోతాయి. పై విద్యార్థి లేఖలోని ప్రధాన భాగం ఇలా ఉంటే చాలు: “నేను కుడిచేతితో రాస్తాను. కుడి మణికట్టు ఎముకకు గాయమై, బొటనవేలితో సహా కట్టు వేశారు. కట్టు విప్పే తేదీ చివరి పరీక్ష తరువాత ఉంది. చదవగలను, ప్రశ్నలు అర్థం చేసుకొని జవాబులు చెప్పగలను. కలం పట్టి రాయలేను. కింది తేదీల్లోని పరీక్షలన్నిటికీ స్క్రైబ్‌ను, గంటకు 20 నిమిషాల చొప్పున పరిహార సమయాన్ని, విడి గదిని అనుమతించగలరు.” దీనికి హాల్‌టికెట్ నకలు, ఎక్స్‌రే రిపోర్టు, వైద్య ధ్రువపత్రం, స్క్రైబ్ చదువుతున్న తరగతిని తెలిపే బోనఫైడ్ పత్రం, ఫొటో జతచేసి, కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా పంపి, అందినట్టు రసీదు తీసుకోవాలి. ఇందులో వేడుకోలు ఒక్కటీ లేదు. కాదనాలంటే అధికారి ఏ వాక్యాన్ని కాదంటున్నాడో చెప్పవలసి వస్తుంది.

పరిహార సమయం అన్న మాట ఎవరో మర్యాద కోసం కల్పించింది కాదు. అదనపు సమయం అనే పేరును మార్చి ఇలా పిలవాలని, అది గంటకు 20 నిమిషాలకు తగ్గకూడదని ఆ 2018 మార్గదర్శకాలే చెప్పాయి. అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట. నోటితో చెప్పడం చేతితో రాయడం కంటే వేగం కదా, మరి గంట ఎందుకని అడిగేవారు పరీక్ష గదిలో ఏం జరుగుతుందో ఊహించుకోలేదు. నోరు ఎంత వేగంగా నడిచినా జవాబు కాగితం మీదికి వచ్చేది స్క్రైబ్ చేతి వేగంతోనే. పైగా అభ్యర్థి తానే తెచ్చుకొనే స్క్రైబ్ చదువు అతని చదువుకంటే ఒక మెట్టు తక్కువగా ఉండాలని ఆ 2018 మార్గదర్శకాలు నిర్దేశించాయి. గణితం 2ఎ లేదా 2బి పేపరులో ఈ చిక్కు స్పష్టంగా తెలుస్తుంది. విద్యార్థి “ఎక్స్ ప్లస్ వన్ బై ఎక్స్” అంటాడు. పదో తరగతి చదివే స్క్రైబ్ దాన్ని (x + 1)/x అని రాయవచ్చు, x + 1/x అని కూడా రాయవచ్చు. రెండూ విన్నమాటకు సరిపోతాయి, ఒకటి మాత్రమే లెక్కకు సరిపోతుంది. సమాకలన గుర్తును ఎప్పుడూ గీయని పిల్లవాడికి దాని ఆకారాన్ని, పైన కింద వచ్చే అవధులను మాటల్లో వర్ణించాలి; రాసింది తనవైపు తిప్పి చూసుకోవాలి; తప్పుంటే కొట్టివేయించాలి. 75 మార్కుల పేపరులో ఏడు మార్కుల ప్రశ్నలు ఐదు రాయాలి, ఒక్కోదానిలో పదీ పదిహేను వరుసలు. తోటివాడు ఒకేసారి చేసే పనిని ఇతడు చెప్పడం, వినిపించుకోవడం, సరిచూసుకోవడంగా మూడుసార్లు చేస్తున్నాడు. పోయిన ఆ సమయమే తిరిగి వస్తోంది తప్ప కొత్తగా ఏమీ రావడం లేదు.

స్క్రైబ్ పేరుతో మోసాలు జరగవచ్చన్న భయం మాత్రం తోసిపుచ్చదగినది కాదు. పై తరగతివాణ్ణి కింది తరగతివాడిగా చూపించి కూర్చోబెట్టడం సాధ్యమే. కానీ దానికి మందు విడి గది, ప్రత్యేక ఇన్విజిలేటర్, బోనఫైడ్‌ను స్కూల్ రిజిస్టర్‌తో సరిచూడటం. వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. స్క్రైబ్‌కు సబ్జెక్టు తెలియకూడదన్నది సరైన నియమమే. అయితే గుర్తులు రాయడం కూడా తెలియకపోతే ఆ నష్టం మోసగాడికి కాదు, నిజాయితీపరుడికి. అందుకే కార్యాలయమే స్క్రైబ్‌ను ఏర్పాటు చేసినప్పుడు పరీక్షకు రెండు రోజుల ముందే అభ్యర్థి అతణ్ణి కలిసే అవకాశం ఉండాలని మార్గదర్శకాలు చెప్పాయి. ఆ రెండు రోజుల్లో నేర్పవలసినది జవాబులు కాదు, కుండలీకరణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే ఒప్పందపు మాటలు.

సప్లిమెంటరీ వాదం వినడానికి సౌమ్యంగా ఉంటుంది. పరీక్షకు సిద్ధమై, ప్రశ్న అర్థమై, జవాబు తెలిసి, చెప్పడానికి నోరుండి కూడా గదిలోకి రావద్దని చెప్పడమే దాని అసలు అర్థం. పైగా ఆరు వారాలు అన్నది ఎముక అతుక్కోవడానికి పట్టే కాలం మాత్రమే. స్కేఫాయిడ్‌కైతే అది ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు, ఆ తరువాత కూడా బిగుసుకున్న మణికట్టు సాగడానికి, పట్టు తిరిగి రావడానికి వ్యాయామం కావాలి. ఒక కట్టు చివరి రెండు పేపర్లకు ముందే విప్పారనుకుంటే, కట్టు పోయింది కదా ఇక రాయగలవంటూ ఇచ్చిన స్క్రైబ్‌ను వెనక్కి తీసుకొనే ప్రమాదం అక్కడే ఉంది. అందుచేత ధ్రువపత్రంలో కట్టు విప్పే తేదీకి పక్కన, చేయి ఎప్పటికల్లా మూడు గంటలు ఆగకుండా రాయగలదో ఆ తేదీని కూడా వైద్యుడి చేత విడిగా రాయించుకోవాలి. ఈ రెండు తేదీలు ఒకటి కావు.