లోటు ఇడ్లీ దగ్గర మొదలవుతుంది

మా కాలనీ జిమ్‌లో రోజూ రాత్రి ఏడున్నరకు చూస్తుంటాను. ఆఖరి సెట్ ముగిసిందో లేదో, కుర్రాళ్లు బ్యాగుల దగ్గరికి పరుగు తీస్తారు. షేకర్‌లో పొడి సిద్ధంగా ఉంటుంది, నీళ్లు పోసి గిలకొట్టి గటగటా తాగేస్తారు. మొన్న ఒకబ్బాయిని పలకరించబోతే, "అన్నా, అరగంట దాటితే ఇంత కష్టమూ వేస్టే. తాగి వచ్చి మాట్లాడతా" అన్నాడు. అతని కళ్లలో నిజమైన కంగారు కనిపించింది. ఆ కంగారు చూసే ఇది రాస్తున్నాను. ఆ అరగంట గడువు నిజం కాదు. అంతకన్నా చేటు ఏమిటంటే, అతని అసలు లోటు ఎక్కడుందో అది అతన్ని చూడనివ్వడం లేదు.

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు, రెండు నిజాలు కలగలిసి పుట్టింది. మొదటిది పిండిపదార్థం సంగతి. 1988లో జాన్ ఐవీ బృందం సైకిల్ తొక్కేవాళ్ల మీద పరీక్ష చేసింది. వ్యాయామం అయిన వెంటనే పిండిపదార్థం తీసుకుంటే కండరాల్లో గ్లైకోజెన్ వేగంగా నిండింది, రెండు గంటలు ఆలస్యం చేస్తే ఆ వేగం బాగా పడిపోయింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోటీపడే క్రీడాకారుడికి ఇది ముఖ్యం. రోజుకొకసారి గంటసేపు బరువులెత్తి, మర్నాటిదాకా విశ్రాంతి తీసుకునేవాడికి ఆ తొందర లేదు. గ్లైకోజెన్‌కు వర్తించే గడియారాన్ని తెచ్చి ప్రొటీన్‌కు తగిలించారు.

రెండో ఆధారం 2001లో డెన్మార్క్ నుంచి వచ్చిన అధ్యయనం. అందులో ఉన్నది 13 మంది వృద్ధులు. వ్యాయామం కాగానే 10 గ్రాముల ప్రొటీన్ ఉన్న పానీయం తాగినవాళ్లకు 12 వారాల్లో తొడ కండ పెరిగింది, రెండు గంటలు ఆగి తాగినవాళ్లకు పెరగలేదు. అరగంట వాదులు దీన్నే పదేపదే చూపిస్తారు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. ఏ పానీయమూ తాగకుండా బరువులెత్తే వృద్ధులకు కూడా 12 వారాల్లో ఎంతోకొంత కండ పడుతుంది. ఇక్కడ ఒక గుంపుకు అసలేమీ పెరగలేదంటే తేడా గడియారంలో ఉందా, ఇంత చిన్న గుంపులో మరెక్కడైనా ఉందా అని అడగాలి. ఒక్కో గుంపులో ఏడుగురైనా దాటని లెక్కను పట్టుకుని పాతికేళ్ల కుర్రాడిని పరుగెత్తించడం అన్యాయం.

ఇక కండరం చెప్పేది వినండి. 1997లో ఫిలిప్స్ బృందం వ్యాయామం తరవాత కండరంలో ప్రొటీన్ తయారీని కొలిచింది. మూడు గంటలకు అది మామూలుకన్నా 112 శాతం ఎక్కువగా ఉంది, 24 గంటలకు 65 శాతం, 48 గంటలకు కూడా 34 శాతం ఎక్కువే. బాగా అలవాటుపడిన శరీరంలో ఇది ఇంకాస్త త్వరగా దిగుతుంది, అయినా గంటల లెక్కే తప్ప నిమిషాల లెక్క కాదు. తలుపు మర్నాటిదాకా తెరిచే ఉంటుంది. 2017లో ష్యూన్‌ఫెల్డ్ బృందం అనుభవమున్న 21 మందిని తీసుకుని, కొందరికి 25 గ్రాముల ప్రొటీన్ వ్యాయామానికి ముందు, మిగతావాళ్లకు తరవాత ఇచ్చింది. పది వారాలయ్యాక కండలోనూ బలంలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందు 2013లో అదే పరిశోధకుడు, మరో ఇద్దరు కలిసి కండ పెరుగుదల మీద వచ్చిన 23 అధ్యయనాలను ఒకచోట కూర్చారు. వెంటనే తాగినవాళ్లకు మొదట కొంచెం లాభం కనిపించింది. తీరా చూస్తే వాళ్లు రోజు మొత్తం మీద తిన్న ప్రొటీనే ఎక్కువ. ఆ తేడాను లెక్కలోకి తీసుకోగానే సమయం వల్ల వచ్చిందనుకున్న లాభం మాయమైంది.

కాబట్టి ముందు మొత్తం చూడాలి. 2018లో మోర్టన్ బృందం 49 అధ్యయనాలను కూర్చి చెప్పినదాని ప్రకారం, బరువులెత్తేవారికి రోజుకు కిలో శరీర బరువుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు. ఆపైన తిన్నా సగటున కండకు కలిసొచ్చేది పెద్దగా లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఈ అంకె దగ్గరికి వెళ్లకూడదు.

ఆ అబ్బాయి బరువు 65 కిలోలు. అతనికి కావలసింది 104 గ్రాములు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని అతని రోజును లెక్కేశాం. పొద్దున నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ: మహా అయితే 9 గ్రాములు. మధ్యాహ్నం మెస్సులో అన్నం, పప్పుచారు, కూర, మజ్జిగ: 16. జిమ్ తరవాత ఒక స్కూప్: 24. రాత్రి అన్నం, రెండు గుడ్ల కూర, కొంచెం పెరుగు: 25. అన్నీ కలిపితే 74. ముప్పై గ్రాములు తక్కువ! పైగా సాయంత్రం ఏడున్నర దాకా ఒంట్లో పడింది పాతికే. అతను నిమిషం కూడా తప్పకుండా కాపాడుకుంటున్నది ఆ ఒక్క స్కూప్‌ను. పోగొట్టుకుంటున్నది పగలంతా.

పప్పు తింటున్నాను కదా అన్నాడు. ఇక్కడే మనలో చాలామంది మోసపోతాం. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రొటీన్ ఉన్నమాట నిజమే. కానీ మెస్సు పప్పుచారులో ఒక మనిషి వంతుకు వచ్చే పప్పు పదిహేను గ్రాములుంటే గొప్ప, అంటే ప్రొటీన్ మూడు గ్రాములు. గిన్నె చూసి లెక్కెయ్యకూడదు, వండకముందు తూచి వెయ్యాలి. ఒక్కసారి తూస్తే చాలు, తరవాత కంటికి తెలుస్తుంది.

రోజు మొత్తాన్ని ఎలా పంచాలి? ఒక్కో పూటకు కిలోకు 0.4 గ్రాముల చొప్పున నాలుగు పూటలంటే సరిగ్గా 1.6 అవుతుంది. ఈ అబ్బాయికి పూటకు 26. పొద్దున ఇడ్లీ బదులు 70 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లు, రెండు ఉడికించిన గుడ్లు: 28. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, 50 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు, 200 గ్రాముల పెరుగు: 25. సాయంత్రం అదే స్కూప్, జిమ్‌కు ముందైనా తరవాతైనా: 24. రాత్రి 120 గ్రాముల కోడిమాంసం, అన్నం: 30. మొత్తం 107. గుడ్డు, మాంసం ముట్టనివారు మీల్ మేకర్, పాలు, పనీర్ మీద ఆధారపడాలి. పప్పుల ప్రొటీన్ కాస్త తక్కువగా అరుగుతుంది కనుక కొంచెం పైకే లెక్కేసుకోవాలి.

ఇలా పంచమంటున్నానని, మూడు గంటలకొకసారి అలారం పెట్టుకోమని నా అర్థం కాదు. 2013లో అరేటా బృందం 80 గ్రాములను పన్నెండు గంటల్లో మూడు రకాలుగా ఇచ్చి చూస్తే, 20 గ్రాముల చొప్పున నాలుగుసార్లు ఇచ్చినప్పుడు కండర ప్రొటీన్ తయారీ ఎక్కువైంది. కానీ వాళ్లకు ఇచ్చింది త్వరగా అరిగే వే ప్రొటీన్ ఒక్కటే, కొలిచింది సగం రోజే. 2023లో ట్రోమెలెన్ బృందం 100 గ్రాములు ఒకేసారి ఇస్తే, అది వృథా పోకుండా పన్నెండు గంటలకు పైగా మెల్లగా వాడకానికి వచ్చింది. నాలుగు పూటలు ఎందుకంటే, 104 గ్రాములు రాత్రి ఒక్క పళ్లెంలో ఎవరూ తినలేరు కాబట్టి.

ఒకచోట మాత్రం తొందరకు అర్థముంది. రాత్రి తొమ్మిదికి తిని, పొద్దున ఆరింటికి ఖాళీ కడుపుతో బరువులెత్తేవాళ్లు ఉంటారు. తొమ్మిది గంటలుగా ఏమీ తినని ఒంట్లో, వ్యాయామం తరవాత కండర ప్రొటీన్ తయారీ పెరిగినా, దాని విచ్ఛిన్నమే అంతకు మించి ఉంటుంది. తిన్నాకే లెక్క లాభంలోకి వస్తుంది. అలాంటివారు స్నానం, ఆఫీసు, ట్రాఫిక్ అన్నీ అయ్యాక పదకొండింటికి తినడం మంచిది కాదు. ఇంటికి రాగానే తినాలి. ఈ జిమ్ అబ్బాయి సంగతి అది కాదు. ముద్దపప్పు, పెరుగన్నం ఒంటిగంటకు తింటే, ఆరున్నరకు బరువెత్తేటప్పుడు కూడా ఆ భోజనం ఇంకా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. షేక్ ఇంటికెళ్లి తాగినా, ఎనిమిదిన్నరకు నేరుగా అన్నమే తిన్నా అతని కండకు తేడా తెలియదు. నిన్న పొద్దున ఫోన్ చేసి అడిగాడు, 70 గ్రాముల పెసలు నానబెడితే ఎన్ని అట్లొస్తాయని. పలచగా వేస్తే మూడు అని చెప్పాను.