ఫోలిక్ మాత్రకు ముందు బి12

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర రోజువారీ తిండి. పప్పులో, ఆకుకూరలో ఫోలేట్ దండిగా ఉంటుంది. బి12 మాత్రం మొక్కల్లో దొరకదు. అది పాలు, గుడ్లు, మాంసం, చేపల నుంచే రావాలి. శాకాహార లింగాయత్ కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతమిది. పాలు కూడా అంతంతమాత్రంగా తాగే తల్లి ఒంట్లో బి12 నిల్వ అడుగంటితే, ఆమె పాలమీదే పెరిగే బిడ్డకు ఆ లోటు ఏడాది లోపే బయటపడవచ్చు. బిడ్డ పాలిపోతుంది, నవ్వడం మానేస్తుంది, వచ్చిన ఆటపాటలు మరిచిపోతుంది.

ఇనుము లోపంలో ఎర్రకణాలు చిన్నవవుతాయి. ఫోలేట్, బి12 లోపాల్లో పెద్దవవుతాయి. రక్తపరీక్ష కాగితం మీద ఎంసీవీ అనే అంకె దాన్ని చూపిస్తుంది. ఫోలేట్, బి12 లోపాలు రెండూ మైక్రోస్కోపు కింద ఒకేలా కనిపిస్తాయి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఈ పాఠం వెనక ఒక తెలుగువాడి పేరుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ ప్రయోగశాల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. వెంటనే దాన్ని పెర్నీషియస్ అనీమియా రోగులకు ఇచ్చి చూశారు. రక్తం బాగుపడింది. కానీ చాలామందిలో కాళ్ల తిమ్మిర్లు, నడక తడబాటు ముదిరాయి. ఆ రోగులకు నిజంగా లోపించింది బి12. అది విడిగా చేతికొచ్చింది 1948లో. ఫోలిక్ ఆమ్లం రక్తకణాల తయారీని కొంతవరకు నడిపించగలదు కానీ నరాల పొరలను కాపాడలేదు.

అందుకే ఏ లోపమో తేలకముందు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ మాత్ర ఒక్కటే రాసివ్వడం తప్పు. మొదటి డోసుకు ముందే బి12, ఫోలేట్ పరీక్షలకు రక్తం తీసి పక్కన పెట్టాలి. ఆ ఫలితాలు వచ్చేదాకా ఆగలేకపోతే రెండూ కలిపి మొదలుపెట్టవచ్చు. అంగన్‌వాడీ ఐఎఫ్‌ఏ సిరప్‌లో ఒక్కో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి, బి12 ఉండదు. అది నివారణకు ఇచ్చేది. బి12 లోపమున్న బిడ్డకు అది చికిత్స కాదు.

లెక్కకు ఒక ఊహా బిడ్డను తీసుకుందాం. వయసు 14 నెలలు, బరువు 8 కిలోలు. హిమోగ్లోబిన్ 6.2, హెమటోక్రిట్ 18, ఎంసీవీ 108, ప్లేట్‌లెట్లు 70 వేలు. బి12 బాగా తక్కువ, ఫోలేట్ సరిపడా ఉంది. ఇంత తీవ్రమైన రక్తహీనతలో మొదటి రెండు రోజులు బి12ను కిలోకు 0.2 మైక్రోగ్రాముల చొప్పున మాత్రమే ఇమ్మంటాయి కొన్ని ప్రామాణిక పుస్తకాలు. అంటే ఈ బిడ్డకు రోజుకు 1.6 మైక్రోగ్రాములు. మజ్జ ఒక్కసారిగా కణాలు తయారుచేయడం మొదలుపెడితే రక్తంలోని పొటాషియం వాటిలోకి పోయి గుండె లయ తప్పవచ్చు. ఆ రోజుల్లో పొటాషియం చూస్తూ ఉండాలి. ఆ తర్వాత 250 నుంచి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ వారానికి మూడుసార్లు, రెండు వారాల పాటు. ఆపైన రక్తకణాల లెక్కలు మామూలుకు వచ్చే వరకు వారానికొకటి. ఫోలేట్ లోపమే తేలిన పిల్లలకు రోజుకు 1 మిల్లీగ్రాము, మూడు నాలుగు వారాలు సాధారణంగా చాలు. డోసు మాత్రం బిడ్డను చూసిన డాక్టరే ఖాయం చేయాలి. మందు మొదలయ్యాక కొందరు పసివాళ్లలో కొద్ది రోజులు వణుకు కనిపిస్తుంది. దానికి భయపడి ఇంజెక్షన్లు ఆపకూడదు.

మందు పనిచేస్తోందా లేదా? మన దగ్గర చాలాచోట్ల వారం తర్వాత హిమోగ్లోబిన్ చూసి పెదవి విరుస్తారు. అప్పటికి అది పెద్దగా పెరగదు. ముందు చూడాల్సింది రెటిక్యులోసైట్లను, అంటే మజ్జ నుంచి అప్పుడే వచ్చిన లేత ఎర్రకణాలను. మూడు నాలుగు రోజుల్లో ఇవి పెరగడం మొదలై, దాదాపు వారానికి శిఖరానికి చేరతాయి. మన బిడ్డకు మొదట 0.8 శాతం. ఆ శాతాన్ని హెమటోక్రిట్‌తో గుణించి, మామూలు హెమటోక్రిట్ 36తో భాగించి సవరిస్తే 0.4. ఆరో రోజు 14 శాతం, హెమటోక్రిట్ 20 అనుకుంటే సవరణ తర్వాత 7.8. మజ్జ మేలుకొన్నదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. హిమోగ్లోబిన్ ఆ తర్వాత వారానికి దాదాపు ఒక గ్రాము చొప్పున పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు ఒకటి రెండు వారాల్లో కోలుకుంటాయి. రక్తపు పూతలో అయిదారు తమ్మెలుగా చీలి కనిపించే తెల్లకణాలు మాత్రం దాదాపు రెండు వారాలు కనిపిస్తూనే ఉంటాయి. ఎంసీవీ దిగడానికి రెండు నెలలు పట్టవచ్చు.

హిమోగ్లోబిన్ 9 దగ్గర ఆగిపోయి ఎంసీవీ మామూలుకన్నా కిందికి జారుతోందంటే దాగివున్న ఇనుము లోపం బయటపడిందని అర్థం. అప్పుడు ఫెర్రిటిన్ చూసి ఇనుము కలపాలి. అసలు రెటిక్యులోసైట్లే కదలకపోతే ముందు ఇంజెక్షన్లు అన్నీ పడ్డాయో లేదో, ఏదైనా ఇన్‌ఫెక్షన్ ఉందేమో కనుక్కోవాలి. అవేవీ కాకుండా ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు కూడా తక్కువగానే ఉండిపోతే డోసు పెంచుతూ కూర్చోకూడదు. లుకేమియా ఇలాగే మొదలవ్వచ్చు కాబట్టి, మజ్జ పరీక్ష ఉన్న పెద్దాసుపత్రికి ఆ వారమే పంపాలి.