రెన్యువల్ కట్టాకే అసలు లెక్క

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ బయట టీ తాగేటప్పుడు ఈ మాట మీ చెవిన కూడా పడే ఉంటుంది. ‘వంద రూపాయలకి ఒక డొమైన్ పేరు కొని పెట్టుకో. ఎవడో ఒకడికి కావాల్సొస్తుంది. లక్షకి అమ్మెయ్.’ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు, హాస్టల్ ఫీజు మాత్రం నెల తిరిగేసరికి కట్టాలి. అలాంటప్పుడు ఈ మాట తీయగానే ఉంటుంది. అబద్ధం కూడా కాదు. పేర్లు నిజంగానే అమ్ముడవుతాయి. 2019లో voice.com అనే ఒక్క పేరు 3 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అయితే అమ్మిన కంపెనీ దాన్ని ఏళ్ల తరబడి తన దగ్గర ఉంచుకుంది. మనదాకా వచ్చేవి ఇలాంటి వార్తలే. అమ్ముడుపోక వదిలేసిన పేర్ల గురించి ఎవరూ వార్త రాయరు.

డొమైన్ పేరు మీ సొంత ఆస్తి కాదని ముందుగా గుర్తుపెట్టుకోండి. అది ఏడాది అద్దె లాంటిది. రిజిస్ట్రార్ కంపెనీకి ఏటా డబ్బు కడితేనే మీ పేరిట ఉంటుంది. ‘డొమైన్ ఫ్లిప్పింగ్’ అంటే ఆ అద్దె కడుతూ, ఎక్కువ ధర ఇచ్చే మనిషి కోసం ఎదురుచూడటం. కాబట్టి కొన్న ధర ఎంత అన్నదానికంటే, ఎన్నేళ్లు ఎదురుచూడాలి, అన్నాళ్లూ ఎంత కట్టాలి అన్నవే ముఖ్యమైన ప్రశ్నలు.

ఇరవై పేర్లతో లెక్కేద్దాం

మీరు ఇరవై డాట్‌కామ్ పేర్లు కొన్నారనుకుందాం. మొదటి ఏడాది ఆఫర్లు ఉంటాయి. పన్నుతో కలిపి పేరుకు సగటున రూ.800 వేసుకుందాం. మొత్తం రూ.16,000. రెండో ఏడాది నుంచి ఆఫర్ ఉండదు. జీఎస్టీతో కలిపి పేరుకు రూ.1,400 అనుకుంటే, ఏటా రూ.28,000 కట్టాలి. రిజిస్ట్రార్‌ను బట్టి ఈ అంకెలు అటూఇటూ అవుతాయి. మీ రిజిస్ట్రార్ ధర వేసుకుని మళ్లీ లెక్క కట్టుకోండి.

ఇప్పుడు అమ్మకం సంగతి. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు తమలో తాము చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది. చేతిలో ఉన్న పేర్లలో ఏడాదికి నూటికి ఒకటో రెండో అమ్ముడవుతాయి. అదీ కాస్త తెలిసి కొన్నవాళ్లకు. మనం నూటికి ఒకటి చొప్పున వేసుకుందాం. ఇరవై పేర్లకు ఆ లెక్కన ఐదేళ్లకు ఒక అమ్మకం. మొదటి ఏడాది అసలు ఒక్కటి కూడా అమ్ముడవకపోయే అవకాశం 82 శాతం. ఐదేళ్లు పూర్తయినా ఒక్కటీ అమ్ముడవకపోయే అవకాశం దాదాపు 37 శాతం. అంటే ఇలా మొదలుపెట్టిన ముగ్గురు స్నేహితుల్లో ఒకరికి ఐదేళ్ల తర్వాత మిగిలేది రసీదులే.

ఈ ఐదేళ్లలో కట్టింది ఎంత? మొదటి ఏడాది రూ.16,000, తర్వాత నాలుగేళ్లకు రూ.1,12,000. మొత్తం రూ.1,28,000. అమ్మిపెట్టిన వెబ్‌సైట్ కమీషన్ 20 శాతం తీసుకుంటే, అమ్ముడైన ఆ ఒక్క పేరుకు రూ.1,60,000 పలికితేనే మీ అసలు మీకు వస్తుంది. లాభం ఆ పైన మొదలవుతుంది. కాబట్టి పేరు కొనే ముందు ‘ఇది అమ్ముడవుతుందా?’ అని కాదు, ‘దీనికి లక్షన్నర పైన ఇచ్చేవాడు ఉన్నాడా?’ అని అడగాలి.

రూ.99 ప్రకటనల సంగతి ఇక్కడే అర్థమవుతుంది. కొత్తరకం ఎక్స్‌టెన్షన్లు, అంటే .online, .xyz లాంటివి, మొదటి ఏడాది చాలా చౌకగా ఇస్తారు. రెండో ఏడాది ధర చాలాసార్లు డాట్‌కామ్ కంటే ఎక్కువే ఉంటుంది. కార్ట్‌లో కనిపించే పెద్ద అంకెను కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ‘రెన్యూస్ ఎట్’ అని ఉండే అంకెను చూడండి. కొనేటప్పుడు చాలాచోట్ల ఆటో రెన్యువల్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది. ఏడాది తర్వాత మీరు మర్చిపోయినా మీ కార్డు మర్చిపోదు.

పేరు కాదు, కొనేవాళ్లను వెతకండి

మొదటిసారి కొనేవాళ్లు దాదాపు అందరూ తమకు తెలిసిన చోటు నుంచే మొదలుపెడతారు. అశోక్‌నగర్ సందుల్లో అడుగడుగునా స్టడీ హాళ్లు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. నారాయణగూడ దాకా అదే వరస. అందుకే ‘అశోక్‌నగర్’ పక్కన ‘స్టడీహాల్’ కలిపి ఒక డాట్‌కామ్ పేరు తట్టడం సహజం. కొనేవాళ్లు కళ్లముందే ఉన్నారనిపిస్తుంది.

ఒక్కసారి ఆ స్టడీ హాల్ యజమాని వైపు నుంచి చూడండి. అతనికి కుర్రాళ్లు ఎలా వస్తున్నారు? గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూసి, గూగుల్ మ్యాప్స్ చూసి, సీనియర్ చెబితే వస్తున్నారు. ఏసీ ఉందా, రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుంది అని వాట్సాప్‌లో అడుగుతున్నారు. వెబ్‌సైటే లేకపోయినా అతని కుర్చీలు నిండుతున్నాయి. మీరు వెళ్లి పేరు అమ్ముతానంటే, మర్యాదగా ఐదో పదో వేలు అనవచ్చు. పదివేలకు అమ్మినా ఇరవై పేర్ల మీద ఏడాదికి కట్టే రూ.28,000లో సగం కూడా రాదు. పైగా ఆ పేరు ఈ నాలుగు సందుల వాళ్లకే పనికొస్తుంది. అతను కాదంటే తర్వాత అడగడానికి మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టే అంతమందే.

మంచి పేరుకు గుర్తు దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఒకరికి కాకపోతే మరొకరికి పనికొచ్చేలా ఉండాలి. వాళ్లకు డబ్బుండాలి. ఆ పేరు లేకపోవడం వల్ల వాళ్లకు ఇబ్బంది ఉండాలి. దీన్ని కొనకముందే తేల్చుకోవచ్చు. ముందుగా, అదే పేరుతో వేరే ఎక్స్‌టెన్షన్లు వాడుతూ, లేదా ముందో వెనకో ఒక మాట తగిలించుకుని నడుస్తున్న వ్యాపారాలు ఎన్ని ఉన్నాయో వెతకండి. పది కూడా దొరక్కపోతే వదిలేయండి. తర్వాత namebio.comలో అలాంటి పేర్లు గతంలో ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి. అక్కడ కనిపించేవి అమ్ముడైనవి మాత్రమేనని మర్చిపోవద్దు. ఆ పేరు ఇంతకుముందు ఎవరి దగ్గరైనా ఉండేదా, దాని మీద ఏ సైట్ నడిచింది అన్నది web.archive.orgలో తెలుస్తుంది. జూదం, మోసం సైట్లు నడిచిన పేరైతే ముట్టుకోవద్దు. ఒక పేరు ఇప్పటికే ఎవరిదైనా అయితే, అది ఎప్పుడు రిజిస్టర్ అయింది, గడువు ఎప్పుడు అన్నది lookup.icann.org చూపిస్తుంది.

ఇంకో చేదు నిజం. సులువుగా గుర్తుండే ఇంగ్లిష్ మాటలు, చిన్న పేర్లు డాట్‌కామ్‌లో ఎప్పుడో అయిపోయాయి. మామూలు ధరకు మీకు దొరికిందంటే, అంతకుముందు చూసినవాళ్లంతా వద్దనుకున్నదని అర్థం. వాళ్లకు తెలియనిది మీకేం తెలుసో చెప్పగలిగితేనే కొనండి.

సిఫీ చెప్పిన రెండు పాఠాలు

ఈ సంగతుల్లో మన హైదరాబాద్‌కు సంబంధించిన కథలు రెండున్నాయి. రెండూ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవేవే. ఆ సంస్థ 1999 నవంబరులో రాజేశ్ జైన్ నడిపే ఇండియావరల్డ్‌ను రూ.499 కోట్లకు కొనేందుకు ఒప్పందం చేసుకుంది. అందులో khoj.com, khel.com, samachar.com, bawarchi.com ఉన్నాయి. ‘చూశారా, పేర్లకు 499 కోట్లు!’ అనిపిస్తుంది. కానీ ఖాళీ పేర్లకు అంత ఇవ్వలేదు. ఇండియావరల్డ్ 1995 నుంచి నడుస్తోంది. రోజూ చూసే పాఠకులు ఉన్నారు. పేరు మంచిదే, కానీ దాని వెనక పని ఉంది కాబట్టే ఆ ధర పలికింది.

రెండోది కోర్టు కథ. సత్యం ఇన్ఫోవే 1999లో ‘సిఫీ’ మాటతో కొన్ని పేర్లు రిజిస్టర్ చేసుకుంది. తర్వాత మరో కంపెనీ siffynet.com, siffynet.net తీసుకుంది. అది మా ఐదుగురు ప్రమోటర్ల పేర్లలో మొదటి అక్షరాలతో కట్టిన మాట అని వాదించింది. బెంగళూరులో మొదలైన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2004 మేలో తీర్పు సత్యం ఇన్ఫోవేకు అనుకూలంగా వచ్చింది. డొమైన్ పేరుకూ వ్యాపార చిహ్నానికి ఉన్నట్టే రక్షణ ఉంటుందని కోర్టు చెప్పింది.

మీకు దీంతో పనేంటంటే, పేరున్న కంపెనీ మాటకు ఒక అక్షరం అటూఇటూ చేసి కొంటే అది పెట్టుబడి కాదు, చిక్కు. డాట్‌కామ్ వివాదాలకు యూడీఆర్‌పీ, డాట్‌ఇన్ వివాదాలకు ఐఎన్‌డీఆర్‌పీ అనే పద్ధతులు ఉన్నాయి. పేరు మీ దగ్గర నుంచి తీసేసి అవతలివాళ్లకు ఇచ్చేస్తారు. మీకు పైసా రాదు. పైగా ట్రేడ్‌మార్క్ యజమానికే పెద్ద ధర చెప్పి రాసిన మెయిల్, మీ ఉద్దేశం మంచిది కాదనడానికి సాక్ష్యంగా పనికొస్తుంది. అందుకే కొనేముందు ఐపీ ఇండియా సైట్‌లోని ట్రేడ్‌మార్క్ సెర్చ్‌లో ఆ మాట వెతకడం తప్పనిసరి.

అయినా చేసి చూడాలనిపిస్తే

ఇరవై వద్దు, రెండు పేర్లతో ఆగండి. రెండో ఏడాది ధర చూసి కొనండి. కొన్న రోజే ఆటో రెన్యువల్ తీసేసి, గడువుకు నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఆ రోజు ఒకటే ప్రశ్న వేసుకోండి: ఏడాదిలో ఒక్కరైనా, మీరు అడక్కుండానే, ఈ పేరు కోసం వచ్చారా? రాకపోతే గడువు తీరనివ్వండి. ‘ఇంకొక్క ఏడాది చూద్దాం’ అనే మాటే ఈ వ్యాపారంలో ఎక్కువ డబ్బు తినేది. వదిలేసిన మర్నాడే ఎవరో వస్తారేమోనన్న భయం అందరికీ ఉంటుంది. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఎవరూ రారు.

గడువు దాటాక మనసు మారినా కొన్నాళ్లు మామూలు ధరకే తిరిగి తీసుకునే వీలు చాలా రిజిస్ట్రార్ల దగ్గర ఉంటుంది. ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్ దశ వస్తుంది. అప్పుడు పేరు వెనక్కి కావాలంటే అదనంగా వేలల్లో అడుగుతారు. అమ్ముడుపోని పేరుకు ఆ డబ్బు ఎప్పుడూ కట్టకండి.

ఈ డబ్బు ఇంట్లోవాళ్లు పంపింది కావచ్చు, మీరు ట్యూషన్ చెప్పి దాచుకుంది కావచ్చు. ఏడాదికి రూ.28,000 అంటే అశోక్‌నగర్‌లో అది చిన్న మొత్తం కాదు. దాన్ని ఉద్యోగం వచ్చేదాకా గట్టెక్కించే ఆదాయం అనుకుని పెడితే మాత్రం, ఆదాయం రాకముందే రెన్యువల్ బిల్లు వస్తుంది.