షుగర్ పుస్తకాలకు భయపెట్టడం తప్ప మరేమీ రాదా?

షుగర్ కొత్తగా బయటపడినవారి కోసమంటూ తెలుగులో అమ్ముడవుతున్న పుస్తకాలు చాలావరకు ఒకే తీరుగా మొదలవుతాయి. దేశంలో పది కోట్ల మంది రోగులు అన్న లెక్క, ఆ వెంటనే చూపు పోయినవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, కాలు తీసేయించుకున్నవారు. రిపోర్టు చేతికొచ్చి వారం తిరగని మనిషికి ఇవన్నీ దేనికి? ఈ రాత్రి అన్నం ఎంత పెట్టుకోవాలి, మాత్ర తినకముందు వేసుకోవాలా తిన్నాకా, ఇవీ ఆయన సందేహాలు. వాటికి జవాబు పుస్తకం చివరెక్కడో ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు.

అంకెలే చెప్పాలనుకుంటే చెప్పాల్సిన అంకె ఒకటుంది. బ్రిటన్‌లో 1977లో మొదలైన యూకేపీడీఎస్ అధ్యయనం కొత్తగా టైప్-2 షుగర్ బయటపడిన అయిదు వేల మందికి పైగా రోగులను ఏళ్ల తరబడి గమనించింది. మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక్క పాయింటు తక్కువున్న చోట, అంటే 8 బదులు 7 ఉన్న చోట, కళ్లు, కిడ్నీల్లోని సన్నని రక్తనాళాలు దెబ్బతినడం 37 శాతం తక్కువగా కనిపించిందని 2000లో ప్రచురించిన విశ్లేషణ చెప్పింది. ఇది అందరినీ కలిపి చూసినప్పుడు తేలిన తేడా, ఏ ఒక్కరికీ ఇచ్చే హామీ కాదు. అయినా ఒక్క పాయింటుకు 37 శాతం అన్న మాట రోగి చేతికి ఒక పని అప్పగిస్తుంది. పది కోట్లన్న లెక్క ఏ పనీ అప్పగించదు.

ఆ ఒక్క పాయింటు ఎలా తగ్గుతుందో చూపించడమే పుస్తకం పని. హెచ్‌బీఏ1సీ 8.4 ఉండి మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతున్న మనిషిని ఊహించుకోండి. మధ్యాహ్నం భోజనానికి ముందు గ్లూకోమీటర్‌లో 128. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు 236. మర్నాడు అదే పప్పు, అదే బీరకాయ కూర. అన్నం మాత్రం సగానికి తగ్గించి, కూర రెట్టింపు వేసుకుని, తిన్నాక పావుగంట నడిచాడు. రెండు గంటలకు 176. సాధారణంగా డాక్టర్లు చెప్పే గీత 180 లోపు. తన షుగర్‌ను పైకి తోస్తున్నది అన్నం పరిమాణం, తిన్నాక కదలకపోవడమేనని ఆ రెండు రోజుల్లో తన వేలి రక్తంతోనే ఆయనకు తెలిసింది. ఇలా రోజుకో భోజనం సరిచేసుకుంటూ వెళితే మూడు నెలలకు 7.4కు రావచ్చు. అదే ఆ ఒక్క పాయింటు.

భయం పెట్టకపోతే రోగులు వినరని కొందరు డాక్టర్లు అంటారు. ఏళ్ల తరబడి మాత్రలు మానేసి వచ్చేవారిని చూసిన విసుగు అది, కాదనను. కానీ బెదిరినవాడు చేసే మొదటి పని పరీక్ష వాయిదా వేయడం.

పైగా నిజంగా హెచ్చరించాల్సిన చోట ఈ పుస్తకాలకు నోరు పెగలదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని భోజనం మానేసినా, ఉన్నట్టుండి అన్నం బాగా తగ్గించినా షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. వణుకు, చెమటలు, గుండెదడ వస్తాయి. వెంటనే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ తాగాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ముప్పు చాలా తక్కువ. ఏ మాత్రకు ఏ జాగ్రత్తో చెప్పకుండా అందరినీ అన్నం మానేయమనడం ప్రమాదకరం.

ప్రశాంతంగా రాయడం సాధ్యమేనని అమెరికాలో గ్రెచెన్ బెకర్ 2001లోనే నిరూపించారు. తనకే టైప్-2 షుగర్ ఉన్న ఆమె ‘ద ఫస్ట్ ఇయర్’ పుస్తకాన్ని మొదటి రోజు, మొదటి వారం, మొదటి నెలలు అన్న వరుసలో నడిపారు. ఆ రోజుకు కావలసింది ఆ రోజే చెప్పారు. ఆ వరుసను మన కంచానికి, మన పనివేళలకు తగ్గట్టు రాయడానికి తెలుగులో డాక్టర్లు లేరా, డైటీషియన్లు లేరా?

ప్రభుత్వాలు ఇంటింటికీ పరీక్షలు చేయిస్తున్నాయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మాత్రలు ఉచితంగా ఇస్తున్నాయి. ఆ మాత్రల పొట్లంతో పాటు నలభై పేజీల పుస్తకం ఎందుకు ఇవ్వరు? ఆ ఖాళీలోకే మొదటి అధ్యాయంలో కాలు తీసేసి, చివరి అధ్యాయంలో కషాయం అమ్మే రచయితలు దూరారు. భయపెట్టి మందు మాన్పించే ఆ పుస్తకాలు రోగిని ఆ ఒక్క పాయింటుకు, ఆ 37 శాతానికి దూరం చేస్తున్నాయి. ఇది మోసం.

కొనేముందు రెండు సంగతులు వెతకండి. తిన్న రెండు గంటలకు వచ్చిన అంకెను బట్టి కంచం ఎలా మార్చుకోవాలో ఉందా? షుగర్ పడిపోతే ఏం చేయాలో ఉందా? ఈ రెండూ లేని పుస్తకాన్ని దుకాణంలోనే వదిలేయండి.