ఇయ్యని చందాకు రీఫండ్, ఇచ్చిన చందాకు సున్నా

రిటర్న్‌లు ఏసే సీజన్ వచ్చిందంటె నౌకరిదార్ల వాట్సాప్ గ్రూపుల్ల ఒక ముచ్చట తిరుగుతది. ఫలానా సారు దగ్గర రిటర్న్ ఏయించుకుంటె జీతంల కట్ అయిన ట్యాక్స్ మస్తు వాపస్ వస్తదట, వచ్చినదాంట్ల పదో వంతు ఆయనకు ఇస్తె చాలట. ఆ సారు చేసేది పెద్ద విద్య ఏం కాదు. రిటర్న్‌ల చందాలకు 80జీ అని ఒక పట్టిక ఉంటది. ఏదో ఒక ట్రస్ట్ పేరు పెట్టి, మనం ఎన్నడూ ఇయ్యని లక్ష రూపాయలు ఇచ్చినట్టు అండ్ల రాస్తడు. ఆదాయం తగ్గినట్టు కనపడ్తది, ట్యాక్స్ తగ్గుతది, రీఫండ్ వస్తది. సారు తన వాటా తీస్కొని పోతడు. రిటర్న్ మీద ఉండేది మాత్రం మన పాన్ నంబర్, మన పేరు.

2025 జులై 14న ఇన్‌కమ్ ట్యాక్సోళ్లు దేశమంతా 150 జాగల్ల ఇట్లాంటి సార్ల మీద దాడులు చేసిన్రు. దొంగ మినహాయింపులు రాసుడుల వాడుకున్న సెక్షన్లల్ల 80జీ కూడా ఉన్నదని వాళ్లే చెప్పిన్రు. అంతకుముందు నాలుగు నెలల్లనే దాదాపు 40 వేల మంది రిటర్న్‌లు తిరగ ఏసి, 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిమ్‌లు తమంతట తామే వాపస్ తీసుకున్నరట. ఇండ్ల ఎంతమందికి తమ పేరు మీద ఏ ట్రస్ట్‌కు ఎంత రాసిన్రో అసలు తెలుసో లేదో!

ఇదొక దిక్కు. ఇంకో దిక్కు, ఊరి బడికి నిజంగ పైసలు ఇచ్చినోడు రసీదు చేతుల పట్టుకొని ఆఖరికి ఒక్క రూపాయి మినహాయింపు రాక ఊకుంటున్నడు. తప్పు రాసినోనికి పైసలు, సక్కగ ఇచ్చినోనికి సున్నా ఎట్లయితదో అర్థం కావాలంటె 80జీ లోపల మూడు ముళ్లున్నయ్, అవి విప్పుకోవాలె.

మొదటి ముడి చానామందికి తెల్వనే తెల్వది. 80జీ పాత ట్యాక్స్ పద్ధతిల మాత్రమే ఉన్నది. 2023-24 నుంచి ఏమీ ఎంచుకోకపోతె మనం కొత్త పద్ధతిలనే ఉన్నట్టు లెక్క. కొత్త దాంట్ల మీరు కోటి రూపాయలు దానం చేసినా 80జీ కింద పైసా రాదు. పాతది కావాలంటె జీతగాళ్లు గడువు లోపల రిటర్న్ ఏసి, అండ్ల పాతదని ఎంచుకోవాలె. గడువు దాటినంక ఏస్తె ఆ దారి మూసుకపోతది.

మరి పాతది ఎంచుకుందామా అంటె, చానామందికి అది నష్టం బేరం. 2025-26 ఆదాయానికి కొత్త పద్ధతిల 12 లక్షల దాకా ట్యాక్స్ లేదు, జీతగాళ్లకైతె 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకొని 12 లక్షల 75 వేల దాకా లేదు. అంటె ఊర్ల పనిచేసే టీచరో, కానిస్టేబులో, బ్యాంక్ క్లర్కో ఏడాదికి 9 లక్షల జీతం తీసుకుంటున్నడంటె ఆయనకు ట్యాక్సే లేదు. లేని ట్యాక్స్‌ల 80జీ ఏం తగ్గిస్తది? అట్లాంటాయనకు "చందా రాసి మిగిలిస్త" అని ఎవడన్న చెప్తె, వానికి లెక్క రాదన్నా కావాలె, మీకు రాదని వాడు అనుకున్నడన్నా కావాలె.

ఇగ 80జీ ఎవరికి పనికొస్తదంటె, జీతం పెద్దది ఉండి, కిరాయి, ఇంటి లోన్ వడ్డీ, పొదుపులు అన్నీ కలిసి పాత పద్ధతి లాభమయ్యే కొద్దిమందికి. అట్లాంటి ఒక లెక్క ఏసి చూద్దాం, పేరు ఊరు అక్కర లేదు. ఊరి నుంచి పోయి హైదరాబాద్‌ల కొలువు చేసే ఒక తమ్మునికి ఏడాదికి 20 లక్షల జీతం అనుకుందాం. కిరాయి కింద 4 లక్షల మినహాయింపు, స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, అమ్మానాయినలు ఉండే ఇంటికి తీసిన లోన్ వడ్డీ 2 లక్షలు పోంగ 13 లక్షల 50 వేలు మిగిలింది. 80సీ కింద పీఎఫ్, ఎల్ఐసీ లక్షా 50 వేలు తీసేస్తె 12 లక్షలు. ఈయనకు కొత్త పద్ధతిల సెస్ కాక 1,85,000 ట్యాక్స్ పడ్తది, పాతదాంట్ల 1,72,500. పాతదే మేలు, కాబట్టి 80జీ ఈయనకు పనికొస్తది.

ఈ తమ్ముడు ఆ ఏడాది రెండు జాగల్ల చందా ఇచ్చిండు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఆన్‌లైన్‌ల 10 వేలు. బడి గదులు కట్టిస్తున్న ఒక ట్రస్ట్‌కు 60 వేలు, అండ్ల 40 వేలు ఫోన్‌పేల పంపిండు, పండుగకు ఊరికొచ్చినప్పుడు 20 వేలు నోట్లు చేతికిచ్చిండు. రెండింటికీ రసీదులు ఉన్నయ్.

ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధాని సహాయ నిధి లాంటివాటికి ఇచ్చింది వందకు వంద లెక్కకొస్తది, పరిమితి లేదు. కాబట్టి ఆ 10 వేలు పూర్తిగ తగ్గుతయ్. మామూలు ట్రస్ట్‌లకు ఇచ్చింది మాత్రం సగమే లెక్కకొస్తది, దానికి కూడా ఒక హద్దు ఉన్నది. మిగతా మినహాయింపులు పోంగ ఉన్న ఆదాయంల పదో వంతు దాటకూడదు. మన తమ్మునికి అది 12 లక్షల మీద 1,20,000. ఆయనిచ్చింది హద్దు లోపలనే ఉన్నది. ఒకవేళ జోష్‌ల 2 లక్షలు ఇచ్చినా 1,20,000 దాకనే చూస్తరు, దాంట్ల సగం 60 వేలే తగ్గుతది. మిగిలినదాన్ని వచ్చే ఏడాదికి మోసుకపోనియ్యరు.

ఇక్కడ రెండో ముడి, నోట్లు. 2017-18 నుంచి ఒక చందా 2 వేలు దాటి నగదుగ ఇస్తె 80జీ రాదు. దీన్ని మనోళ్లు తప్పు అర్థం చేసుకుంటరు. 20 వేలు నోట్లిస్తె అండ్ల 2 వేలు వస్తది, మిగతా 18 వేలు పోతది అనుకుంటరు. అట్ల కాదు, మొత్తం 20 వేలూ పోతది. 2 వేలు అనేది మినహాయింపు కాదు, గడప. దాటితె ఏదీ లేదు. అంతకుముందు ఈ గడప 10 వేలుండె, నగదు వాడకం తగ్గాలె, పారదర్శకత ఉండాలె అని దించిన్రు. కారణం సరైందే. కాకపోతె ఊర్ల చందా అంటె చేతికి చెయ్యి ఇచ్చుడే అలవాటు, ఆ అలవాటు ఖరీదు ఎంతో మన తమ్ముని లెక్కల కనపడ్తది.

40 వేలల్ల సగం 20 వేలు, సహాయ నిధి 10 వేలు, మొత్తం 30 వేలు ఆదాయంలకెళ్లి తగ్గుతది. ఆయన పడే స్లాబ్ 30 శాతం, దాని మీద సెస్ కలిపితె 31.2 శాతం. అంటె మిగిలింది 9,360 రూపాయలు. ఆ నోట్ల 20 వేలు కూడా ఫోన్‌పేల పంపి ఉంటె ఇంకో 3,120 మిగులుతుండె. మొత్తం 70 వేలు ఇస్తె దక్కేది తొమ్మిది వేల చిల్లర. ట్యాక్స్ మిగుల్తదని దానం చేసేటోడు ఎవడన్న ఉంటె ఈ లెక్క చూసుకోవాలె. ఇచ్చిన పైసలకంటె ఎక్కువ వాపస్ తెస్తనన్న సారు చెప్పేది అబద్ధమని ఇక్కడ్నే తేలిపోతది.

వస్తువుల ముచ్చట కూడా ఇదే. సిమెంట్ బస్తాలు, బియ్యం, దుప్పట్లు ఎన్ని ఇచ్చినా 80జీల లెక్క లేదు. పైసలకే ఉన్నది.

మూడో ముడి సాక్ష్యం, నాకైతె అన్నింట్ల అన్యాయంగ అనిపించేది ఇదే. ఇదివరకు ట్రస్ట్ పేరు, పాన్, రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న రసీదు ఉంటె పని నడిచేది. 2021-22 నుంచి ఆ రసీదు ఒక్కటి సరిపోదు. ట్రస్టోళ్లు ఏడాది మొత్తం ఎవరు ఎంత ఇచ్చిన్రో, ఏ పద్ధతిల ఇచ్చిన్రో ఫారం 10బీడీల రాసి మే 31 లోపల ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌ల పెట్టాలె. పెట్టినంక అండ్లకెళ్లే ఫారం 10బీఈ అనే సర్టిఫికెట్ దించి మనకియ్యాలె. దాని మీద ఒక ఏఆర్ఎన్ నంబర్ ఉంటది. రిటర్న్‌ల మామూలు ట్రస్ట్ చందా రాసేటప్పుడు ఆ నంబర్ కొట్టాలె. అదే లెక్క డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌ల ట్రస్ట్ దిక్కునుంచి కూడా ఉంటది, రెండూ కలిస్తెనే మినహాయింపు నిలుస్తది.

దొంగ క్లెయిమ్‌లు దొరుకుడు సులువైంది అందుకే. ట్రస్ట్ చెప్పిన లిస్ట్‌ల మీ పాన్ లేదు, మీ రిటర్న్‌ల మాత్రం లక్ష ఉన్నది. దీన్ని పట్టనీకి ఆఫీసర్ ఇంటికి రానక్కర లేదు. కానీ అదే కత్తి నిజంగ ఇచ్చినోని మీద కూడా పడ్తది. మన ఊరి ట్రస్ట్ సెక్రటరీ పాపం ముసలాయన, ఫారం పెట్టుడు మర్చిపోయిండు, లేకుంటె మీ పాన్‌ల ఒక అక్షరం తప్పు కొట్టిండు. ఆలస్యానికి ట్రస్ట్ మీద రోజుకు 200 రూపాయల ఫీజు పడ్తది నిజమే, కానీ మినహాయింపు పోగొట్టుకునేది మీరు. ఇచ్చినోడు బ్యాంక్ స్టేట్‌మెంట్ చూపెట్టి నిరూపించుకునే సులువైన తోవ ఒకటి ఉండాలె. అది లేనంత కాలం, చందా ఇచ్చిన రోజే పాన్ రాసిచ్చి, జూన్ మొదటి వారంల 10బీఈ అడిగి తీస్కొని, అండ్ల పేరు, పాన్, మొత్తం, ఇచ్చిన పద్ధతి సరిగ్గున్నయో లేదో చూసుకోవాలె. తప్పుంటె ట్రస్టోళ్లు 10బీడీ సవరించి ఇంకోటి ఇయ్యగల్గుతరు. రిటర్న్ ఏసినంక అడిగితె తిప్పలు ఎక్కువ.

ఇంతకీ ఆ ట్రస్ట్‌కు 80జీ అనుమతే ఉన్నదా? రిజిస్టర్ అయిన ప్రతి సొసైటీకీ ఉండదు, ఉన్నదానికి కూడా గడువుంటది. పోయిన ఏడాది రసీదు మీద నంబర్ ఉన్నదని ఈ ఏడాది కూడా ఉన్నట్టు కాదు. గణేశ్ మండపం చందా, బోనాల చందా, ఊరి గుడి చందా ఇందుల రావు. గుళ్లల్ల చరిత్ర ఉన్నదనో, పేరున్నదనో సర్కారు నోటిఫై చేసినవాటి మరమ్మతుకు ఇస్తెనే వస్తది. ఒక కులం కోసమే, ఒక మతం కోసమే పెట్టిన సంఘాలకు కూడా రాదు, ఎస్సీ, ఎస్టీ, బీసీల కోసం, ఆడోళ్లు, పిల్లల కోసం పెట్టినవాటికి మాత్రం ఆ అడ్డం లేదు.

ఇప్పటికే సారు మాట నమ్మి రిటర్న్ ఏయించుకున్నోళ్లు ముందుగాల చేయాల్సింది ఒకటే. ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌ల మీ పాన్‌తోని లాగిన్ అయి, ఏసిన రిటర్న్ దించుకొని, 80జీ పట్టిక తెరిచి చూడాలె. అండ్ల మీకు తెల్వని ట్రస్ట్ పేరు ఉంటె నోటీస్ వచ్చేదాక ఆగొద్దు. అప్‌డేటెడ్ రిటర్న్ ఏసి, తక్కువ కట్టిన ట్యాక్స్, వడ్డీ, దాని మీద 25 శాతం అదనం కట్టి బయటపడొచ్చు. మొదటి ఏడాది దాటితె ఆ అదనం 50 శాతం అయితది, తర్వాత 60, 70 దాక పోతది. డిపార్ట్‌మెంటే పట్టుకొని తప్పుడు లెక్క చూపిన్రని తేలిస్తె జరిమానా ఎగ్గొట్టిన ట్యాక్స్‌కు రెండింతలు, అసలు ట్యాక్స్ దానికి వేరే. సారు తీసుకపోయిన పదో వంతు మాత్రం ఎవరూ వాపస్ ఇప్పియ్యరు.