చిరునామా లేని లాభం

పది లక్షల యూరోల లాభానికి యాభై యూరోల పన్ను! 2014లో యాపిల్ అనుబంధ సంస్థ ఒకటి ఐర్లాండ్‌లో కట్టింది ఈ లెక్కనేనని యూరోపియన్ కమిషన్ తేల్చింది. అప్పట్లో ఆ దేశంలో కంపెనీల పన్ను 12.5 శాతం. మరి మిగతాది ఎటు పోయింది?

ఐరోపాలో ఎక్కడ ఫోన్ కొన్నా, కాగితాల మీద అమ్మకందారుగా ఆ ఐరిష్ సంస్థే ఉండేది. అక్కడికి చేరిన లాభంలో అధిక భాగాన్ని ‘ప్రధాన కార్యాలయం’ ఖాతాలో రాసేవారు. ఆ కార్యాలయానికి ఉద్యోగులు లేరు, గది లేదు, పన్ను వేసే దేశమూ లేదు.

అందరూ ఇదే దారిలో వెళ్లరు. ఎక్కువగా కనిపించేది రాయల్టీ పద్ధతి. పన్ను 25 శాతం ఉన్న దేశంలో ఒక కంపెనీ వంద కోట్లు లాభం గడించిందనుకుందాం. పన్ను పాతిక కోట్లు. ఆ కంపెనీ తన పేటెంటును 5 శాతం పన్నున్న దేశంలోని సొంత అనుబంధ సంస్థ పేర రాసి, దాన్ని వాడుకున్నందుకు ఎనభై కోట్లు రాయల్టీ చెల్లిస్తే? ఇక్కడ మిగిలేది ఇరవై కోట్లు, పన్ను ఐదు కోట్లు. అక్కడ మరో నాలుగు కోట్లు. ఎవరూ ఏమీ అదనంగా తయారు చేయకుండానే పదహారు కోట్ల పన్ను తగ్గింది.

ఫ్యాక్టరీని తరలించాలంటే స్థలం, కరెంటు, చేయి తిరిగిన కార్మికులు, విడిభాగాలు అందించేవారు, రేవు అన్నీ కొత్తచోట మళ్లీ సమకూరాలి. ఏళ్లు పడుతుంది. పేటెంటు చేతులు మారడానికి సంతకాలు చాలు.

ఇలాంటి చెల్లింపులకు, సంబంధం లేని ఇద్దరి మధ్య పలికే ధరే లెక్కలోకి తీసుకోవాలని నిబంధన ఉంది. బస్తా బియ్యానికైతే బజారు ధర చూడొచ్చు. ప్రపంచంలో ఒకే ఒక్కటున్న పేటెంటుకు బజారేది? అధికారి అనుమానించినా రుజువు చేయలేకపోయేది ఇక్కడే. అయినా ఉద్యోగులు గుప్పెడు, లాభం కొండంత ఉన్న దేశం కనిపిస్తే లాభాల తరలింపు ఆనవాలు దొరికినట్టే.

యాపిల్ వివాదం 2024 సెప్టెంబరులో ముగిసింది. యాపిల్ నుంచి ఐర్లాండ్ 1,300 కోట్ల యూరోలు వసూలు చేయాల్సిందేనని ఐరోపా అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. ఆ డబ్బు తనకొద్దని ఐర్లాండే పోరాడిందంటే, తక్కువ పన్ను ఎర మీద ఒక దేశం ఎంతగా ఆధారపడగలదో తెలుస్తుంది.

ధర మీద ఒక్కో కేసూ వాదిస్తూ కూర్చుంటే ఇది తెగదు. పెద్ద బహుళజాతి సంస్థలు ఎక్కడ లాభం చూపినా కనీసం 15 శాతం పన్ను పడాలని 2021లో 130కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. తరలింపు పూర్తిగా ఆగకపోయినా, దానివల్ల మిగిలేది తగ్గుతుంది. కానీ 2025 జూన్‌లో జీ7 దేశాలు అమెరికన్ బహుళజాతి సంస్థలకు ఆ నిబంధనల నుంచి మినహాయింపునిచ్చే దారి ఎంచుకున్నాయి. ఇది తప్పు. పేటెంట్ల బలం ఎక్కువున్న కంపెనీలనే వదిలేస్తే, ఆ కనీస పన్ను కదలలేని ఫ్యాక్టరీల మీదే మిగులుతుంది. మినహాయింపును రద్దు చేయాలి.